మాస్టారి హాజరు పుస్తకం

(టోలిచౌకిలో ఇచ్చిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయన పేరు అచ్చులో వేయొద్దని ఇంటివాళ్లు కోరారు. తెర మీద తన పేరు ఎంత చిన్న అక్షరాల్లో పడితే అంత నిశ్చింతగా ఉండే మనిషి కాబట్టి నాకు ఆ కోరిక వింతగా అనిపించలేదు. ఎడిటింగ్ రూముల్లో ఆయన్ని అందరూ మాస్టారు అనేవారు. నేనూ అలాగే అంటాను.

సభ ఫిలింనగర్‌లోనే పెడదామని కొందరన్నారు. ఇక్కడ పెట్టాలని పట్టుబట్టింది నేనే. ఫిలింనగర్ గుట్ట దిగితే షేక్‌పేట, షేక్‌పేట దాటితే టోలిచౌకి. పొద్దంతా గుట్ట పైన పనిచేసి, రాత్రికి ఇక్కడికి దిగొచ్చి, నలుగురు కలిసి తీసుకున్న గదిలో పడుకునేవాళ్లు ఈ సందుల్లో ఎందరో ఉన్నారు. వాళ్లలో సగం మందిని ఇంట్లో ఏం చేస్తున్నావురా అని అడిగితే సినిమాల్లో ఉన్నానంటారు. ఆఫీసులో అడిగితే ఇంటర్న్ అంటారు. యూనియన్‌లో అడిగితే కార్డు లేదంటారు. లేబర్ ఆఫీసులో మాత్రం వీళ్లను అడిగేవాళ్లే లేరు, ఎందుకంటే వీళ్లు అక్కడిదాకా పోరు. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది వీళ్ల గురించే.

ముందు మాస్టారి పుస్తకం సంగతి చెబుతాను. కిరాణా కొట్లలో వాడే పొడుగాటి ఖాతా పుస్తకం అది. కోడంబాకంలో ఉన్నప్పుడు మొదలుపెట్టారు, పరిశ్రమతోపాటు హైదరాబాద్ వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నారు. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడి పేరూ అందులో ఉంటుంది. చేరిన రోజు, ఆ రోజు ఏ సినిమా ఏ రీలు మీద పనిచేశాడు, రష్ ప్రింట్‌కు సౌండ్ సింక్ చేశాడా, కత్తిరించిన ముక్కలకు నంబర్లు వేసి డబ్బాల్లో సర్దాడా, ఎన్ని గంటలకు వచ్చి ఎన్ని గంటలకు పోయాడు. చివరి గడికి ఆయన పెట్టుకున్న పేరు ‘ఇచ్చినది’. ఆ గడిలో కొన్నిచోట్ల పది రూపాయలుంటుంది, కొన్నిచోట్ల యాభై. కొన్నిచోట్ల ‘భోజనం’ అని మాత్రమే ఉంటుంది. అది కూడా దాచకుండా రాసుకున్న మనిషి ఆయన.

లా కాలేజీలో చేరకముందు నేను రెండుచోట్ల ఎడిటింగ్ నేర్చుకున్నాను. మొదటిచోట పదకొండు నెలలు, మాస్టారి దగ్గర నాలుగు నెలలు. ఆ పదకొండు నెలలు నేను పనిచేసినట్టు ఈ లోకంలో ఎక్కడా రుజువు లేదు. ఆ నాలుగు నెలలకు మాత్రం రోజువారీ లెక్కుంది. తర్వాత ముప్పై ఏళ్లు కార్మిక చట్టాల కేసులు చేశాను గానీ, ఆ రెండింటి మధ్య తేడా కంటే పెద్ద పాఠం ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఇప్పుడు చట్టం దగ్గరికి వస్తాను. అప్రెంటిస్ అనే మాటకు మన దేశంలో రెండర్థాలున్నాయి. చిక్కంతా అక్కడే.

ఒకటి 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం ఇచ్చే అర్థం. ఆ చట్టం ప్రకారం అప్రెంటిస్ కావాలంటే యజమానికీ మీకూ ఒక ఒప్పందం జరగాలి, దాన్ని అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ దగ్గర రిజిస్టర్ చేయించాలి. ఇప్పుడదంతా ప్రభుత్వ పోర్టల్‌లోనే జరుగుతుంది. ఒప్పందంలో ఏ ట్రేడ్ నేర్పుతారో, ఎన్ని నెలలో, స్టైపెండ్ ఎంతో ఉంటాయి. ఆ చట్టం 18వ సెక్షన్ ఒక మాట తెగేసి చెబుతుంది: అప్రెంటిస్ ట్రైనీయే గానీ కార్మికుడు కాదు, కార్మిక చట్టాలు అతనికి వర్తించవు. వినగానే అన్యాయంగా తోస్తుంది. కానీ కార్మికుడివి కావు అన్న ఆ చట్టమే బదులుగా కొన్ని ఇచ్చింది. స్టైపెండ్ ఇంతకు తగ్గకూడదని నిబంధన పెట్టింది. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం పదో తరగతి పాసైనవాళ్లకు నెలకు కనీసం 6,000 రూపాయలు, డిప్లొమా వాళ్లకు 8,000, డిగ్రీ వాళ్లకు 9,000. దీన్ని 36 శాతం పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది. పని మీద దెబ్బ తగిలితే నష్టపరిహారం యజమానే ఇవ్వాలి. అడ్వైజర్ ఒప్పుకుంటే తప్ప ఓవర్‌టైమ్ చేయించకూడదు. అడ్వైజర్ కూడా, అది శిక్షణకో ప్రజాప్రయోజనానికో అవసరమని నమ్మితేనే ఒప్పుకోవాలి. రాత్రి రెండింటికి రెండర్‌కు కాపలా కూర్చున్న కుర్రాడెవడైనా ఈ హాల్లో ఉంటే ఆ సెక్షన్ నంబరు రాసుకోవచ్చు, 15. ఇక శిక్షణ పూర్తయి పరీక్ష పాసైతే జాతీయ స్థాయి సర్టిఫికెట్ వస్తుంది. ఉద్యోగం మాత్రం ఇచ్చి తీరాలని లేదు. ఎవరిని తీసుకోవాలో కంపెనీ తన పద్ధతి తానే రాసుకోవచ్చు.

రెండో అర్థం వాడుకలోది. ఫలానా ఆయన దగ్గర అప్రెంటిస్‌గా చేశానంటాం. దానికి ఒప్పందం లేదు, పోర్టల్ లేదు, అడ్వైజర్ లేడు. ఇంటర్న్ అన్న కొత్త మాట కూడా ఈ రెండో గూటిదే. కాలేజీ వాళ్లు సిలబస్‌లో భాగంగా పంపిన విద్యార్థి సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో మామూలు డిగ్రీలోనే పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. అలా వచ్చినవాళ్లు ముందు విద్యార్థులు, వాళ్ల బాధ్యత కాలేజీది కూడా. నేను మాట్లాడుతున్నది చదువు అయిపోయి, ఏ కాలేజీకీ చెందక, ‘ఇంటర్న్’ అన్న ఒక్క మాట తగిలించుకుని ఆఫీసుకు పోయేవాళ్ల గురించి.

వీళ్లతో కంపెనీల వాళ్లు సాధారణంగా అనే మాట ఒకటుంది: ‘నువ్వు ఇంటర్న్‌వి, ఎంప్లాయీవి కావు, లేబర్ చట్టాలు నీకు వర్తించవు.’ నలభై మంది హెచ్‌ఆర్‌ల నోట విన్నాను. వాళ్లకు తెలియకుండానే మొదటి అర్థంలోని మినహాయింపును రెండో అర్థంలోని మనిషికి తగిలిస్తున్నారు. 18వ సెక్షన్ గొడుగు 1961 చట్టం కింద చేరినవాళ్ల యజమానులకే. మిగతా చట్టాలు చూడండి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కార్మికుడంటే ఎవరో చెబుతూ, అప్రెంటిస్ కూడా అని కలిపే రాసింది. మన ఉమ్మడి రాష్ట్రం 1988లో చేసుకున్న దుకాణాలు, సంస్థల చట్టం ఉద్యోగి నిర్వచనంలో అప్రెంటిస్‌ను చేర్చింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లు కూడా పక్కన పెట్టింది అప్రెంటిస్‌లందరినీ కాదు, 1961 చట్టం కింద తీసుకున్న అప్రెంటిస్‌లను మాత్రమే. అంటే కాగితం మీద అప్రెంటిస్ అయినవాడు కార్మికుడు కాడు. కాగితమే లేని అప్రెంటిస్ చాలా సందర్భాల్లో కార్మికుడే. వినడానికి తలకిందులుగా ఉంటుంది, నాకూ మొదట్లో అలాగే ఉండేది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కాగితం రిజిస్టర్ కాలేదు కనుక నేను కార్మికుణ్ణే అని దూకేస్తే కోర్టులో బోర్లా పడతారు. 2004లో ఉత్తరప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు, అప్రెంటిస్ ఒప్పందం నిజంగా ఉండి రిజిస్ట్రేషన్ మాత్రం జరగకపోతే ఆ లోపంతోనే అతను కార్మికుడైపోడు అంది. దానికి ఒక ఏడాది ముందు, 2003లో, నాసిక్‌కు చెందిన ట్రయంబక్ రబ్బర్ కంపెనీ కేసులో అదే కోర్టు ఇంకో వైపు నుంచి చూసింది. వీళ్లంతా ట్రైనీలు అని కంపెనీ అంది. మరి ఫ్యాక్టరీ నడిపే అసలు కార్మికులు ఎక్కడ అంటే చూపలేకపోయింది. శిక్షణ ఇచ్చినట్టు ఆధారమూ లేదు. ట్రైనీలతోనే ఫ్యాక్టరీ మొత్తం నడిచిందంటే నమ్మశక్యం కాదని, వాళ్లు కార్మికులేనని తేల్చింది. ఈ రెండు తీర్పుల్నీ పక్కపక్కన పెట్టుకుని చదివితే కోర్టు వెతికేది ఏమిటో తెలుస్తుంది. నేర్పడం నిజంగా జరిగిందా, లేక నేర్పడం అన్న పేరుతో పని జరిగిందా?

సినిమావాళ్లకు బాగా అర్థమయ్యే కేసు ఒకటి అమెరికాలో జరిగింది. ‘బ్లాక్ స్వాన్’ అని 2010లో వచ్చిన సినిమా, చాలామంది చూసే ఉంటారు. ఆ నిర్మాణంలో జీతం లేని ఇంటర్న్‌లుగా చేసిన ఇద్దరు 2011లో ఫాక్స్ సెర్చ్‌లైట్ మీద దావా వేశారు. ఒకతను లెక్కల కాగితాలు సర్దాడు. ఇంకొకతను కాఫీలు తెచ్చాడు, భోజనాల ఆర్డర్లు రాసుకున్నాడు. 2013లో కింది కోర్టు వీళ్లు ఉద్యోగులేనంది. 2015లో పై కోర్టు ఆ తీర్పు కొట్టేసి, ఈ ఏర్పాటువల్ల ప్రధానంగా లాభపడింది ఎవరు, నేర్చుకునేవాడా యజమానా, అని చూడాలంటూ కొత్త కొలత పెట్టింది. మరుసటేడు రాజీ అయ్యారు. కొలత బాగానే ఉంది గానీ మన ఫిలింనగర్‌కు తెచ్చి పెడితే ఒక ఇబ్బంది వస్తుంది. ఇక్కడ కాఫీ తెచ్చినవాడు కూడా నేర్చుకుంటాడు! దర్శకుడి పక్కన కప్పు పట్టుకుని నిలబడి షాట్ ఎలా కట్ చేశారో చూసినవాడు పదేళ్ల తర్వాత దర్శకుడైన సందర్భాలు మనకు బోలెడు. ఎల్.వి. ప్రసాద్ గారు బొంబాయిలో స్టూడియో చిల్లర పనులతోనే మొదలుపెట్టారు. ఆ కథ చెప్పి మన కుర్రాళ్ల జీతం ఎగ్గొట్టేవాళ్లను చూశాను. అదే పరిశ్రమలో విజయా సంస్థ ఎన్.టి. రామారావు గారిని నెల జీతం మీద పెట్టుకుందన్న కథ మాత్రం వాళ్లకు గుర్తుకు రాదు.

అందుకే నేను లాభం ఎవరిదని అడగను. ఇంకా మోటైన ప్రశ్న ఒకటి అడుగుతాను. ఈ కుర్రాడు రేపు రాకపోతే ఎవరి పని ఆగుతుంది? ఎవరి పనీ ఆగకపోతే అతను నేర్చుకుంటున్నట్టు. అతని కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టక తప్పకపోతే అతను పనిచేస్తున్నట్టు.

ఒక కేసు వివరంగా చెబుతాను. కంపెనీ పేరూ కుర్రాడి పేరూ చెప్పను.

డిగ్రీ అయిన కుర్రాడు. టోలిచౌకి నుంచే రోజూ పైకి పోయేవాడు. గ్రాఫిక్స్ కంపెనీ ఒకటి 60,000 రూపాయల ఫీజు తీసుకుని మూడు నెలల కోర్సు చెప్పింది. ఆ తర్వాత ఆరు నెలల ఇంటర్న్‌షిప్ అంది. మొదటి రెండు నెలలు ఏమీ ఉండదు, మూడో నెల నుంచి నెలకు 4,000 స్టైపెండ్, చివర సర్టిఫికెట్. ఇదంతా నోటిమాటే.

పని రోటో. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. తీసిన షాట్‌లో హీరో వెనకాల ఉన్నది తీసేసి ఇంకేదో పెట్టాలంటే ముందు హీరోను అక్కడి నుంచి విడదీయాలి. దానికి మనిషి అంచు చుట్టూ గీత గీయాలి, వెంట్రుకలతో సహా. సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు. అయిదు సెకన్ల షాట్ అంటే నూట ఇరవై ఫ్రేముల్లో ఆ గీత మనిషితోపాటు కదలాలి. మొదటి వారం ఎవరైనా నేర్పాలి, నిజమే. నెల తిరిగేసరికి చెయ్యి కుదురుతుంది. ఆ తర్వాత మిగిలేది నేర్చుకోవడం కాదు, వేగం.

ఆ కుర్రాడికి మూడో వారం నుంచే రోజుకిన్ని షాట్లని టాస్క్ షీట్‌లో వేశారు. లోపలికి పోతే వేలిముద్ర, బయటికొస్తే వేలిముద్ర. రిలీజ్ దగ్గరపడ్డ వారం రాత్రిళ్లు కూడా ఉంచారు. ఆరు నెలలు ఇంకో వారంలో పూర్తవుతాయనగా ఇంట్లో ఎవరికో బాగోలేక ఊరికి పోయాడు. తిరిగొస్తే ఇంటర్న్‌షిప్ పూర్తి చేయలేదు గనక సర్టిఫికెట్ లేదన్నారు. చేతికి అందింది నాలుగు నెలల స్టైపెండ్, 16,000. కట్టింది 60,000. అంటే ఆర్నెల్లు పనిచేసి, పనిచేసినందుకు 44,000 తానే ఎదురు కట్టాడు.

నా దగ్గరికి వచ్చినప్పుడు అడిగింది డబ్బు కాదు. ‘సర్, సర్టిఫికెట్ ఒక్కటి ఇప్పించండి, వేరే చోట చేరతాను’ అన్నాడు. అందరూ అదే అడుగుతారు. ఉన్నమాట చెప్పడం నా వంతు: సర్టిఫికెట్ అడిగే దారి సన్నం, జీతం అడిగే దారి వెడల్పు. ఎందుకో చెబుతాను. ఇంటర్న్‌కు అనుభవ పత్రం ఇచ్చి తీరాలని ఏ చట్టమూ సూటిగా చెప్పదు. 1961 చట్టం కింద చేరి ఉంటే దాని సర్టిఫికెట్ కంపెనీ దయ మీద ఆధారపడదు, పరీక్ష పెట్టి ఇచ్చేది బయటివాళ్లు. కానీ ఇతని దగ్గర ఉన్నది నోటిమాట. మాట తప్పారని సివిల్ కోర్టుకు పోవచ్చు, పోతే ఎన్నేళ్లకు తేలుతుందో మీకూ తెలుసు. అదే అతను ఉద్యోగి అని తేలితే పరిస్థితి మారిపోతుంది. చేసిన పనికి కనీస వేతనం వస్తుంది. పీఎఫ్ చట్టం 1961 నాటి చట్టం కింద చేరని అప్రెంటిస్‌ను, స్టాండింగ్ ఆర్డర్ల కింద లేకపోతే, ఉద్యోగిగానే చూస్తుంది కనుక ఆ బకాయి కూడా లేస్తుంది. కొత్త కోడ్ ప్రకారం నియామక పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత. ఆ కాగితం ముందు ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఎంత?

కాబట్టి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌కు కాగితం పెట్టాం. వేతన కోడ్‌లో ఇలాంటి క్లెయిమ్‌కు మూడేళ్ల గడువుంది. పాత కనీస వేతనాల చట్టంలో ఆరు నెలలే ఉండేది. సర్టిఫికెట్ వస్తుందేమోనని ఎదురుచూస్తూ ఆ ఆరు నెలలూ గడిపేసి వచ్చినవాళ్లను ఎందరినో వట్టి చేతులతో పంపాను. ఇంకో మంచి మార్పు, డబ్బు ఇవ్వలేదని క్లెయిమ్ వేశాక ఇచ్చామని రుజువు చేసే బరువు యజమానిదే. అయితే అసలు అక్కడ పనిచేశానని చూపడం మాత్రం మన మీదే ఉంటుంది.

కంపెనీ తరఫున వచ్చినాయన మంచి మాటకారి. ‘నేర్చుకోవడానికి వచ్చాడు సార్, మేం నేర్పాం, పైగా స్టైపెండ్ కూడా ఇచ్చాం’ అన్నాడు. అధికారి మూడే ప్రశ్నలు వేశారు. ఎవరు నేర్పారు? ఏ నెలలో ఏం నేర్పాలని రాసుకున్న కాగితం ఉందా? ఇతను చేసిన షాట్లు క్లయింట్‌కు పోయాయా, మళ్లీ ఎవరైనా చేశారా? మొదటి రెండింటికి జవాబు రాలేదు. మూడోదానికి మావాడు బల్ల మీద ఒక నోట్‌బుక్ పెట్టాడు.

రూల్డ్ నోట్‌బుక్, నలభై రూపాయలది. రోజుకో వరుస. తేదీ, వచ్చిన గంట, పోయిన గంట, షాట్ నంబర్, ఎన్ని ఫ్రేములు, ఎవరు ఓకే చేశారు. నూట యాభై ఒక్క రోజులు. చూస్తూనే నాకు మాస్టారి పుస్తకం కళ్ల ముందు మెదిలింది. ఎవరు చెప్పారు నీకిది రాయమని అని అడిగాను. ఎవరూ చెప్పలేదట. వేగం పెరుగుతోందో లేదో చూసుకుందామని రాసుకున్నాడట.

నోట్‌బుక్ ఒక్కటే అయితే రాసుకున్నాడులే అనేవాళ్లు. కానీ దాంట్లోని గంటలు వేలిముద్రల రికార్డుతో సరిపోయాయి. ఆ రికార్డు తెమ్మని అధికారి అడిగాక కంపెనీ గొంతు మారింది. షాట్ నంబర్లు టీమ్ లీడ్ పంపిన మెసేజీలతో సరిపోయాయి. స్టైపెండ్ నాలుగుసార్లు బ్యాంకు ఖాతాకే వచ్చింది. ఒకటి గమనించండి. ఆ నాలుగు వేలే మాకు ఆధారమైంది. డబ్బు బొత్తిగా ఇవ్వకపోతే వేతనం మీద పెట్టుకున్న మనిషే కాడు అని వాదిస్తారు, ఆ వాదన ఎదుర్కోవడం కష్టం. కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకునే పని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టేనని 1982లో ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, దాన్ని ఆశ్రయించవచ్చు. కానీ లేబర్ ఆఫీసర్ గదిలో సుప్రీంకోర్టు తీర్పు కంటే బ్యాంకు స్టేట్‌మెంట్ తొందరగా పనిచేస్తుంది.

ఇంకో జాగ్రత్త ఉంది. రుజువు కోసమని ఆఫీసు నుంచి ఫుటేజీ పట్టుకుపోవద్దు. విడుదల కాని సినిమా ముక్క ఫోన్‌లో ఉంటే కథ అడ్డం తిరిగి మీ మీద కేసవుతుంది. షాట్ నంబరు చాలు, షాట్ అక్కర్లేదు.

కంపెనీ రాజీకి వచ్చింది. మేం అడిగినదాంట్లో సగానికి కొంచెం పైగా ఇచ్చారు. వద్దు, పోరాడదాం అన్నాను. కుర్రాడు చాలన్నాడు. వకీలు కోరుకునేది తీర్పు, క్లయింటు కోరుకునేది అద్దె. నాకు ఇప్పటికీ కొంచెం వెలితిగానే ఉంది, ఎందుకంటే రాజీ అయిన కేసు పక్క గదిలో కుర్రాడికి పనికిరాదు.

అదే కంపెనీ ఇతన్ని పద్ధతి ప్రకారం డిగ్రీ అప్రెంటిస్‌గా పోర్టల్‌లో పెట్టుకుని ఉంటే ఎంతయ్యేదో లెక్క వేశాను. ఆరు నెలలకు 54,000. అందులో కేంద్ర పథకం కింద నెలకు 1,500 దాకా ప్రభుత్వమే భరిస్తుంది, అంటే ఆరు నెలలకు 9,000. కంపెనీకి పడేది 45,000. అతనికి జాతీయ సర్టిఫికెట్, కంపెనీకి చట్టబద్ధంగా ‘ఇతను ఉద్యోగి కాడు’ అనే హక్కు. మరి ఎందుకు చేయరు? అడిగితే పోర్టల్ గోల, కాగితాల గోల అంటారు. అసలు సంగతి వేరు. పద్ధతిగా చేస్తే నేర్పాలి, అభ్యాసకుడి దగ్గర ఫీజు తీసుకోవడం కుదరదు. ముప్పై మంది గానీ అంతకు మించి గానీ ఉన్న సంస్థ మొత్తం బలగంలో రెండున్నర నుంచి పదిహేను శాతం దాకానే అప్రెంటిస్‌లను పెట్టుకోగలదు. ఆఫీసులో సగం మంది ఇంటర్న్‌లే ఉన్న లెక్క ఆ కట్టులో ఇమడదు.

గ్రాఫిక్స్ కంపెనీకి కనీసం ఒక అడ్రసు ఉంటుంది. షూటింగ్‌లో తిరిగే దర్శకత్వ శాఖ అప్రెంటిస్‌కు అదీ ఉండదు. కంటిన్యుటీ రాసుకునేది, క్లాప్ కొట్టేది, ఆర్టిస్టును కారవాన్ నుంచి పిలుచుకొచ్చేది అతనే. చేతికొచ్చేది బేటా, అదీ వస్తే. 2025 ఆగస్టులో సినీ కార్మికుల ఫెడరేషన్ పిలుపుతో పద్దెనిమిది రోజులు షూటింగులు ఆగాయి, కార్మిక శాఖ మధ్యవర్తిత్వంతో వేతనాలు పెరిగాయి. పెరిగినవి కార్డున్నవాళ్లవి. పనిచేస్తేగానీ కార్డు రాదు, కార్డుంటేగానీ లెక్కలోకి వచ్చే పని దొరకదు. ఫెడరేషన్ పెద్దలు కొందరు ఇక్కడున్నారు, వాళ్లను నిందించడానికి కాదు ఈ మాట. వాళ్లు తమ సభ్యుల కోసం కొట్లాడారు. ఈ కుర్రాళ్లు ఎవరి సభ్యులూ కారు, అంతే.

సినిమా కార్మికుడితో రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలని 1981లోనే చట్టం చేశారు. దాన్నిప్పుడు వృత్తి భద్రత కోడ్‌లో కలిపి ఆడియో విజువల్ వర్కర్ అన్నారు. సినిమాతోపాటు సీరియళ్లు, వెబ్ సిరీస్‌లు, యానిమేషన్ కూడా అందులోకి వచ్చాయి. ప్రభుత్వం ప్రకటించే వేతన పరిమితి లోపు ఉన్నవాళ్లందరికీ ఒప్పందం రాయాలి, రిజిస్టర్ చేయాలి, పని ఏమిటో, డబ్బెంతో, గంటలెన్నో అందులో ఉండాలి. నలభై ఏళ్లుగా ఈ నియమం ఉన్నా ఒక్క అసిస్టెంట్ చేతిలోనూ ఆ కాగితం నేను చూడలేదు. ఎవరైనా చూసి ఉంటే సభ అయ్యాక చెప్పండి, సంతోషిస్తాను.

అమ్మాయిలకు ఒక మాట. ఉద్యోగా, ఇంటర్నా అన్న ఈ రభసంతా ఒక్క చట్టంలో లేదు. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ట్రైనీని, అప్రెంటిస్‌ను పేరు పెట్టి మరీ ఉద్యోగి అంది. డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా సరేనంది. పదిమంది పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి. లేకపోతే జిల్లాలో లోకల్ కమిటీ ఉంటుంది. ‘నువ్వు మా ఎంప్లాయీవే కావు’ అన్న జవాబు అక్కడ చెల్లదు. మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలన్నది మాత్రం మరిచిపోకండి.

మళ్లీ మాస్టారి దగ్గరికే వస్తాను. ఆయన చట్టం చదివి ఆ పుస్తకం పెట్టలేదు. ఒకసారి అడిగాను, ఇదంతా ఎందుకు రాస్తారండీ అని. కోడంబాకంలో తాను రెండేళ్లు చేసిన పని మీద వేరొకరి పేరు పడిందట. అది నాదని చెప్పుకోవడానికి నా దగ్గర చిన్న చీటీ కూడా లేదయ్యా, అన్నారు. ఇంకేం వివరించలేదు, మూవియోలా వైపు తిరిగిపోయారు. ఆయనా అందరికీ చాలినంత ఇవ్వలేదు. ‘భోజనం’ అని రాసిన గడులు లెక్కపెడితే ఈ ఉపన్యాసంలో నేను చెప్పిన కొలతలకు ఆయన కూడా నిలవరు. అది కప్పిపుచ్చడం ఆయనకే ఇష్టముండదు.

ఆ పుస్తకాన్ని ఇంటివాళ్లు ఇవాళ తెచ్చారు, బయట టీ బల్ల పక్కన పెట్టారు. జాగ్రత్తగా తిప్పండి, కాగితం పెళుసుగా ఉంది. మీలో కొందరి పేర్లు అందులో ఉన్నాయి. నా నాలుగు నెలలు వెనక అట్టకు దగ్గర్లో ఉన్నాయి, చివరి గడిలో నెలకు నలభై రూపాయలు.